నింద మైదాది, నేరం మడతలది

నల్గొండ బస్టాండు ముందు కానీ, జడ్చర్ల క్రాస్ రోడ్డు దగ్గర కానీ సాయంత్రం పూట పరోటా బండి దగ్గర కాసేపు నిలబడితే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. ‘అన్నా, మైదా కాకుండా గోధుమ పిండిది ఉందా?’ ఉందంటే అడిగినవాడి ముఖంలో ఏదో గండం గడిచినంత తృప్తి. రెండు గోధుమ పరోటాలు, ఒక ఆమ్లెట్, గిన్నెడు సేర్వ లాగించి, ఆరోగ్యం విషయంలో తన వంతు జాగ్రత్త తాను పడ్డానని ఇంటికి పోతాడు. పరోటా అంటే మైదా, మైదా అంటే లావు, పిండి మారిస్తే పీడ పోతుంది అన్న ఈ నమ్మకం ఇప్పుడు చదువుకున్నవాళ్లకూ చదువుకోనివాళ్లకూ ఉమ్మడి ఆస్తి. డాక్టరు గారి వెయిటింగ్ హాలులో వినిపించేదీ అదే, వాట్సాప్‌లో తిరిగేదీ అదే. క్యాలరీల మటుకు చూస్తే ఈ నమ్మకం తప్పు. కొద్దో గొప్పో కాదు, పూర్తిగా తప్పు చోట వేలు పెట్టడం.

మైదా మీద ఉన్న అభియోగాల్లో అన్నిటికన్నా గట్టిగా వినబడేది జిగురు కథ. సినిమా పోస్టర్లు అంటించేది మైదా లైతోనే కదా, అదే కడుపులోకి పోతే పేగులకు అంటుకోదా అంటారు. గోడ మీద పోస్టరు నిలబడేది మైదాలోని స్టార్చి ఉడికి ఆరిపోవడం వల్ల. పేగుల్లో ఏదీ ఆరిపోదు. అక్కడ స్టార్చిని ముక్కలు చేసే ఎంజైములు ఉంటాయి. ఆ పని నోట్లో లాలాజలంతోనే మొదలవుతుంది. అన్నం గంజితో కూడా కాగితాలు అంటించుకున్న వాళ్లమే మనం, అన్నం పేగులకు అంటుకుందని ఎవరూ భయపడలేదు. ఈ కథను ఇక్కడితో వదిలేద్దాం.

లెక్క దగ్గరికి వద్దాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికలు వేసింది. వాటి ప్రకారం 100 గ్రాముల మైదాలో సుమారు 352 క్యాలరీలు, గోధుమ పిండిలో 320, జొన్నల్లో 334. (వాడుకలో మనం క్యాలరీ అనేది నిజానికి కిలోక్యాలరీ; ఇక్కడా ఆ వాడుకనే పాటిస్తున్నాను.) నూనె ఏదైనా సరే, గ్రాముకు 9. అంటే 100 గ్రాములకు 900.

కిలో మైదా తడిపితే ఇరవై ఉండలు అవుతాయనుకుందాం. ఒక్కో ఉండలో 50 గ్రాముల పిండి, 176 క్యాలరీలు. అదే ఉండ గోధుమ పిండితో చేస్తే 160. తేడా పదహారు. పదహారు క్యాలరీలంటే రెండు గ్రాముల నూనె కూడా కాదు, అర చెంచాకు తక్కువ. గోధుమ పరోటా అడిగి తెప్పించుకున్నవాడు దక్కించుకున్న మొత్తం లాభం ఇదే. మాస్టర్ చేతిలోని గరిటె ఒకసారి కాస్త ఎక్కువ వంగితే ఆ లాభం అక్కడికక్కడే చెల్లు.

పైగా గోధుమ పిండికి ఇంకో చిక్కుంది. పొట్టు కలిసిన పిండిలో గ్లూటెన్ సాగుడు తెగుతూ ఉంటుంది. మైదా ముద్దలా అది పల్చటి గుడ్డలా సాగదు, చిరుగుతుంది. చిరగకుండా ఉండాలంటే ముద్దను ఇంకాస్త తడిగా, ఇంకాస్త నూనెగా పట్టుకోవాలి. చేయి తిరిగిన మాస్టర్ ఆ పనే చేస్తాడు. అప్పుడు గోధుమ పరోటా మైదా పరోటాను క్యాలరీల్లో దాటినా ఆశ్చర్యం లేదు. గోధుమ పిండిలో పీచు ఎక్కువన్నది నిజం, దాన్ని నేను కాదనను. మైదా కన్నా దాదాపు నాలుగింతలు ఉంటుంది. పీచు కోసం గోధుమ అడిగితే అది న్యాయమైన కోరిక. బరువు తగ్గడానికని అడిగితే మాత్రం తప్పు బండి ముందు నిలబడినట్టే.

ఇంతకీ పరోటాలోకి నూనె ఎక్కడెక్కడ చేరుతుంది? చూసేవాళ్లకు పెనం మీద పోసేదే కనబడుతుంది. అది చిట్టచివరి మెట్టు. పిండి తడిపేటప్పుడే కొంత నూనె పోస్తారు. ఉండలు చేశాక ట్రేలో వరసగా పేర్చి, పైన నూనె రాసి గంటో రెండు గంటలో నాననిస్తారు. అప్పుడు గ్లూటెన్ వదులై ముద్ద సాగడానికి ఒప్పుకుంటుంది. తరవాత నూనె రాసిన బండ మీద ఉండను పలచగా చేసి, గాల్లో విసిరి బండకేసి కొడుతూ వెడల్పు చేస్తారు. వెనకనున్న బండ రంగు కనబడేంత పల్చబడ్డాక దాని మీద మళ్లీ నూనె చిలకరించి చేత్తో అంతటా పూస్తారు. అప్పుడు చీర కుచ్చిళ్లు పెట్టినట్టు మడిచి, పొడుగ్గా లాగి, చుట్టగా చుట్టి పక్కన పెడతారు. గిరాకీ వచ్చాక చుట్టను అరచేత్తో అదిమి పెనం మీదికి. అక్కడ ఇంకో విడత. చివర్లో నాలుగైదు పరోటాలు దొంతర పెట్టి రెండు పక్కల నుంచి చేతులతో కొడితే పొరలు విడిపోతాయి.

మడతల మధ్య నూనె లేకపోతే పొరలు లేవు. రెండు తడి పిండి రేకులు ఒకదానికొకటి తాకితే అతుక్కుపోయి మళ్లీ ఒకటే రొట్టె అవుతుంది. మధ్యలో కొవ్వు ఉంటే అతుకు పడదు. పెనం వేడికి పిండిలోని నీరు ఆవిరై ఆ సందుల్లోంచి తోసుకుని వస్తుంది, పొర పొరగా విడిపోతుంది. కాబట్టి పరోటాలో నూనె రుచి కోసం వేసే అలంకారం కాదు, అది ఆ రొట్టె కట్టుబడిలో భాగం. అయితే అతుకు పడకుండా ఉండడానికి కావలసింది చాలా పల్చటి పూత. ఆపైన పడేదంతా పని సులువు కావడానికి, చుట్టలు ఎండిపోకుండా ఉండడానికి, పొద్దున చేసింది రాత్రికి కూడా మెత్తగా ఉండడానికి. తినేవాడికి అవసరమైన నూనె కొంచెమే, అమ్మేవాడికి సౌకర్యమైన నూనె చాలా.

ధారాళమైన చేతి లెక్క ఒకటి వేసి చూద్దాం. కిలో మైదాకు పిండి తడపడంలో 50 గ్రాములు, ఉండలు నానబెట్టడంలో 100, బండ మీదా రేకు మీదా పూతకు 130, పెనం మీద 120. మొత్తం 400 గ్రాములు. ఇరవై పరోటాలకు పంచితే ఒక్కోదానికి 20 గ్రాములు, అంటే 180 క్యాలరీలు. పిండివి 176. నూనె పిండిని దాటేసింది. ఈ 400లో 230 గ్రాములు పెనం ఎక్కక ముందే మడతల పాలైనవే అన్నది గమనించండి.

ఇప్పుడు చేయి బిగబట్టి పనిచేసే మాస్టర్‌ని తీసుకోండి. కిలోకు 150 గ్రాములతో సరిపెట్టాడు. పరోటాకు ఏడున్నర గ్రాములు, 67 క్యాలరీలు చిల్లర. ఇక్కడ పిండిదే పెద్ద వాటా. అందుకే ‘ఏ పరోటాలోనైనా పిండి కన్నా నూనె క్యాలరీలే ఎక్కువ’ అని కొందరు బల్ల గుద్ది చెప్పే మాటను కూడా నేను ఒప్పుకోను. గీత ఎక్కడుందో లెక్క స్పష్టంగానే చెబుతోంది. పిండి బరువులో సుమారు ఐదింట రెండు వంతులు నూనె పడితే రెండూ సమానం. అక్కడి నుంచి పైకి పోతే నూనెదే పైచేయి. రెండు పరోటాలు తింటే బిగువు చేతి బండి దగ్గర దాదాపు 490 క్యాలరీలు, ధారాళపు బండి దగ్గర 710. తేడా 220. ఈ తేడాలో పిండి పాత్ర సున్నా, ఎందుకంటే రెండు చోట్లా పిండి ఒకటే, బరువు ఒకటే. పిండి మార్చి మిగిల్చుకునేది రెండింటికీ కలిపి 32. ఏది వదిలి దేని వెంట పడుతున్నామో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

అంత నూనె పోస్తే కంటికి కనబడదా అని అడగొచ్చు. కనబడదు. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు సాగదీసిన రేకు మీద 20 గ్రాముల నూనె మొత్తం పరిచినా దాని మందం మిల్లీమీటరులో పదో వంతు, అంటే నోటుపుస్తకంలో ఒక కాగితమంత. ఆ రేకు మందమే మిల్లీమీటరులో మూడో వంతు చిల్లర. కాగితమంత నూనె పొర దానికి మూడింతలకు పైగా మందం ఉన్న పిండి పొరతో క్యాలరీల్లో సమానంగా తూగుతుంది. పిండి ముద్దలో మూడో వంతు నీళ్లే అన్నది అందుకు ఒక కారణం. ఆ కాగితాన్ని మడతలు పెట్టి చుట్ట చుట్టేశాక కన్ను దేన్ని పట్టుకుంటుంది? బజ్జీ నూనెలో మునిగి తేలడం చూస్తాం కాబట్టి బజ్జీని చూసి భయపడతాం. పరోటా తన నూనెను కడుపులో దాచుకుని వస్తుంది.

అందుకే ‘అన్నా, ఆయిల్ తక్కువేసి రెండు చెయ్యి’ అన్న కోరిక వల్ల ఒరిగేది తక్కువ. ‘అట్లనే అన్నా’ అంటాడు మాస్టర్, అబద్ధం కూడా ఆడడు. పెనం మీద పోసే గరిటెను సగం చేస్తాడు. కానీ మీరు తినబోయే చుట్ట మీరు బండి దగ్గరికి రాకముందే, మధ్యాహ్నమెప్పుడో, ఉండగా నూనెలో నాని, రేకుగా పూత పూయించుకుని, మడిచిపెట్టి ఉంది. లోపలి నూనెను తగ్గించడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు. వేడికి నూనె ఆవిరై పోతుందిలే అని సర్దిచెప్పుకునేవాళ్లూ ఉన్నారు. పెనం మీంచి ఆవిరై పోయేది నీరు. పొగ రూపంలో పోయే నూనె లెక్కలోకి రానంత స్వల్పం. కొట్టి విడదీసేటప్పుడు మాస్టర్ చేతులకూ బల్లకూ అంటేది ఇంకాస్త. కాగితంతో అద్దితే పైపూత వస్తుంది, మడతల్లోది అలాగే ఉంటుంది. (న్యూస్ పేపరుతో మాత్రం అద్దకండి, నూనెతో పాటు సిరా బేరం కూడా కుదురుతుంది.)

ఏ నూనె అన్న వాదం ఇంకోటి. పాలమూరు వైపు, ముఖ్యంగా వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో పల్లి పంట ఎక్కువ; అక్కడివాళ్లకు పల్లి నూనె మీద నమ్మకమూ ఎక్కువే. ఇంట్లో పల్లి నూనెతో చేసుకుంటే పరోటా ఏమీ చేయదంటారు. గుండెకు ఏది మేలన్న చర్చలో పల్లి నూనెకూ పామాయిల్‌కూ వనస్పతికీ తేడాలున్నాయి, అవి చిన్నవీ కావు. క్యాలరీల చర్చలో అన్నీ ఒకటే, గ్రాముకు తొమ్మిది. నెయ్యి కూడా ఆ దరిదాపుల్లోనే. వేడి తగ్గాక మడతల్లో తెల్లటి పూత గట్టిపడి అంగిటికి అంటుకుంటే వనస్పతి పడిందని పోల్చుకోవచ్చు. అది కొవ్వు రకం గురించి చెబుతుంది, ఎంత పడిందో చెప్పదు.

ఇక జొన్నరొట్టె. మైదాకు విరుగుడుగా మన ప్రాంతంలో అందరూ దాన్నే చూపిస్తారు. చూపించడం సరైనదే, చెప్పే కారణమే సరికాదు. జొన్న పిండిలో క్యాలరీలు తక్కువ కాబట్టి అంటారు. 50 గ్రాముల జొన్న పిండికి 167. మైదాతో తేడా తొమ్మిది క్యాలరీలు, సరిగ్గా ఒక గ్రాము నూనె. జొన్నరొట్టె గెలిచేది మరో చోట. జొన్నలో గ్లూటెన్ లేదు. వేడినీళ్లతో తడిపి, చేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడిచేత్తో నీళ్లు రాస్తారు, నూనె కాదు. అది సాగదు, మడత పడదు, పొరలు రావు. మడత లేని చోట నూనెకు దాక్కునే చోటు లేదు. పరోటాలో నూనె చేసే పని జొన్నరొట్టెలో నీళ్లు చేసి, చేసి ఆవిరై పోతాయి. ఒకప్పుడు జొన్నే ప్రధాన తిండిగా బతికిన ఈ ఎర్రనేలల జనానికి కలిసొచ్చింది ఆ గింజ కన్నా ఆ వండే తీరు. అదే జొన్నరొట్టె మీద నాలుగు చెంచాల నూనె పోసి కారంతో నంజుకుంటే క్యాలరీల దగ్గర అది పరోటాకు సొంత తమ్ముడే.

షుగర్ ఉన్నవాళ్లు నన్ను తప్పుగా అర్థం చేసుకోకూడదు. మైదా తొందరగా గ్లూకోజుగా మారుతుందన్నది నిజమే, వాళ్లకు పిండి రకం పట్టించుకోవాల్సిన విషయమే. అయితే అక్కడా నూనెకు ఒక మాయ ఉంది. కొవ్వు ఎక్కువున్న భోజనం కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది, గ్లూకోజు పెరుగుదల ఆలస్యమవుతుంది. తిన్న కాసేపటికి వేలు గుచ్చి చూసుకుని ‘పరోటా తిన్నా ఏం పెరగలేదు’ అని సంబరపడితే, అసలు పెరుగుదల ఆ తరవాత రావచ్చు.

పరోటా తినేవాళ్లందరినీ ఒకే గాటన కట్టి బెదిరించడం కూడా నాకు నచ్చదు. పొద్దున్నుంచి సెంట్రింగ్ పనిలో ఉన్నవాడికో, మట్టి తవ్వే పాలమూరు లేబరుకో రెండు పరోటాల్లో 700 క్యాలరీలంటే చవగ్గా దొరికిన ఇంధనం, సాయంత్రానికి ఖర్చయిపోతుంది. కలెక్టరేట్లో కుర్చీలో కూర్చుని, బైకు మీద ఇంటికి పోతూ దారిలో అదే ప్లేటు తినేవాడి సంగతి వేరు. అదే పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 క్యాలరీల భోజనానికి నూనె, కొవ్వులు కలిపి 27 గ్రాములు చాలంది. ధారాళపు బండి దగ్గర రెండు పరోటాల్లోనే 40 గ్రాములు ఉన్నాయి. సేర్వ మీద తేలే నూనె, ఆమ్లెట్ నూనె ఇంకా లెక్కలోకి రాలేదు.

ప్రభుత్వం నుంచి ఈ విషయంలో సాయం ఆశించి లాభం లేదు. పది లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్లు మెనూ మీద క్యాలరీలు వేయాలన్న నిబంధన 2022 జులై నుంచి అమల్లో ఉంది. బస్టాండు బండికి అది వర్తించదు, వర్తించాలనడం కూడా న్యాయం కాదు. పన్నుల వాళ్లకు మాత్రం రొట్టెకూ పరోటాకూ తేడా ఉందా లేదా అన్న మీమాంస చాలాకాలం సాగింది. ప్యాకెట్ పరోటాకు 18 శాతం, రోటీకి 5 శాతం అని వాదించి వాదించి, చివరికి 2025 సెప్టెంబరు 22 నుంచి రెండింటికీ సున్నా చేశారు. పన్ను దగ్గర సమానమైనవి పొట్ట దగ్గర సమానం కావు. ఆ ప్యాకెట్ మీద మాత్రం ఒక మంచి పనిముట్టు ఉంది. 100 గ్రాములకు మొత్తం కొవ్వు ఎన్ని గ్రాములో చూసి తొమ్మిదితో హెచ్చించండి. వచ్చినదాన్ని పక్కనున్న మొత్తం క్యాలరీలతో పోల్చండి. సగానికి దగ్గరైతే నూనె పిండితో పోటీ పడుతోందన్నమాట.

బండి పరోటాకు ప్యాకెట్ ఉండదు, కానీ చెత్తబుట్ట ఉంటుంది. ఖాళీ నూనె ప్యాకెట్లు, ఖాళీ మైదా సంచులు అందులోనే పడతాయి. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. పది కిలోల మైదాకు నాలుగున్నర ప్యాకెట్లు ఖర్చయితే ఆ బండి పరోటాలో నూనె పిండిని దాటింది. రెండు ప్యాకెట్ల లోపు అయితే ఇంకా పిండిదే రాజ్యం. ఆమ్లెట్లకూ సేర్వకూ పోయినది, బండ మీదా ట్రేలోనూ మిగిలినది ఇందులోంచి తీసేయాలి, కాబట్టి ఇది తూకం కాదు, అంచనానే. తినేవాడికి ఇంకో గుర్తు కూడా ఉంది. వేడి పరోటాను విప్పి చుట్ట నడిబొడ్డు చూడండి. అంచులు పెనం వేడికి నూనె కాస్త వదిలి కరకరలాడతాయి, నడుమ పొరలు పాలిపోయి మెత్తగా ఉంటాయి. అక్కడ గరిటె వెనకతో నొక్కితే నూనె ఊరి పళ్లెంలోకి జారిందంటే చేయి ధారాళమైనదని అర్థం.

బండి యజమానికి నూనె ఖర్చు అణా పైసలతో తెలుసు. ఈ వ్యాపారంలో మైదా కన్నా ఖరీదైన సరుకు అదే. కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు గోధుమ పిండి ఉందా అని అడగడం మానేసి, ‘అన్నా, పది కిలోల మైదాకు ఎన్ని ప్యాకెట్ల నూనె పడుతుంది?’ అని అడగండి. మూడు దాటితే ఒక్కటే చెప్పండి.